పాత వీడియోలను దాచుకోవడానికి హెచ్.264నా, హెచ్‌ఈవీసీనా, ఏవీ1నా? అక్క పెళ్లి వీడియో నాకు నేర్పిన పాఠం

నానమ్మ సంవత్సరీకం రోజు. భోజనాలయ్యాక చుట్టాలంతా హాల్లో కూర్చున్నారు. అక్క పెళ్లి వీడియోలో నానమ్మ తలంబ్రాలప్పుడు నవ్వుతూ చప్పట్లు కొట్టే సీన్ ఉంటుంది, అది చూద్దామని అందరూ అడిగారు. నేను గర్వంగా పెన్ డ్రైవ్ తీసి టీవీకి పెట్టాను. సన్నాయి వినిపించింది, మంత్రాలు వినిపించాయి, నానమ్మ గొంతు కూడా వినిపించింది. స్క్రీన్ మాత్రం నల్లగా ఉంది.

"ఏరా, మాట వినిపిస్తోంది గానీ బొమ్మ రావట్లేదేంట్రా?" అంది అమ్మ.

టీవీ పాడవలేదు, ఫైల్ కూడా పాడవలేదు. తప్పు నాదే. అంతకు నెల క్రితమే నేను ఇంట్లో ఉన్న వీడియోలన్నిటినీ ఏవీ1లోకి మార్చేశాను. 36 జీబీ పెళ్లి వీడియో 5 జీబీకి వచ్చింది, నా ల్యాప్‌టాప్‌లో బ్రహ్మాండంగా ప్లే అయింది. టీవీలో ఒక్కసారి కూడా పెట్టి చూడలేదు. ఆ రోజుకి ల్యాప్‌టాప్‌ని హెచ్‌డీఎంఐ కేబుల్‌తో టీవీకి కలిపి గండం గట్టెక్కాం.

మీలో చాలామంది ఫోన్ స్టోరేజ్ నిండిపోయినప్పుడో, హార్డ్ డిస్క్ నిండినప్పుడో ఇలాంటి పనే చేద్దామని అనుకుని ఉంటారు. అందుకే ఆ తర్వాత నేను పద్ధతిగా కూర్చుని చేసిన టెస్ట్, దాంట్లో తేలిన లెక్కలు, ఎక్కడ ఏ కోడెక్ వాడాలో నేను తీసుకున్న నిర్ణయం అన్నీ ఇక్కడ చెబుతున్నాను.

ముందు తెలుసుకోవాల్సింది: .mp4 అనేది పెట్టె మాత్రమే

ఫైల్ పేరు చివర .mp4 అని ఉంటే అన్నిట్లో ప్లే అవుతుందని చాలామంది అనుకుంటారు. కానీ mp4 అనేది ఒక పెట్టె. లోపల బొమ్మని ఏ పద్ధతిలో కుదించారన్నదే కోడెక్. ఒకే రకం పెట్టెలో హెచ్.264 ఉండొచ్చు, హెచ్‌ఈవీసీ ఉండొచ్చు, ఏవీ1 కూడా ఉండొచ్చు. నా పెన్ డ్రైవ్‌లో ఉన్నది కూడా .mp4 ఫైలే. పెట్టె తెరవడం టీవీకి వచ్చు, అందులోని ఏఏసీ ఆడియో కూడా వచ్చు. బొమ్మ ఉన్న భాష మాత్రం రాదు. అందుకే మాట వచ్చింది, బొమ్మ రాలేదు. మీకు ఎప్పుడైనా సౌండ్ మాత్రమే వచ్చి స్క్రీన్ నల్లగా ఉంటే మొదట అనుమానించాల్సింది దీన్నే.

లోపల ఏముందో చూడటానికి ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌తో పాటు వచ్చే చిన్న టూల్ చాలు:

```
ffprobe -v error -select_streams v:0 -show_entries stream=codec_name,profile,pix_fmt pelli.mp4
```

`codec_name` దగ్గర `h264`, `hevc`, `av1` లో ఏదో ఒకటి కనిపిస్తుంది. `pix_fmt` దగ్గర `yuv420p` అంటే మామూలు 8 బిట్, `yuv420p10le` అంటే 10 బిట్. ఈ రెండు సంగతులు తెలిస్తే ఏ పరికరంలో ప్లే అవుతుందో దాదాపు ముందే చెప్పేయొచ్చు.

ఈ ముగ్గురూ ఎవరు?

హెచ్.264 2003లో వచ్చింది. స్మార్ట్‌ఫోన్‌ల కాలం మొత్తం దీని మీదే నడిచింది. అందుకే పదేళ్ల నాటి టీవీ, పాత ట్యాబ్, కారులో ఉన్న స్క్రీన్, ఆఫీసు ప్రొజెక్టర్, ఏదైనా సరే దీన్ని ప్లే చేస్తుంది.

హెచ్‌ఈవీసీ, అంటే హెచ్.265, 2013లో వచ్చింది. 2017లో ఐఓఎస్ 11తో ఐఫోన్లు దీంట్లో రికార్డ్ చేయడం మొదలుపెట్టాయి. 4కే టీవీల్లో ఎక్కువ భాగం దీన్ని ప్లే చేస్తాయి. కానీ దీని పేటెంట్ లైసెన్సులు ఒకే చోట దొరక్క, రెండు మూడు గుంపుల దగ్గర విడివిడిగా తీసుకోవాల్సి వచ్చింది. అందుకే బ్రౌజర్లు దీన్ని చాలా ఆలస్యంగా ఒప్పుకున్నాయి. విండోస్‌లో కూడా చాలా కంప్యూటర్లలో స్టోర్ నుంచి విడిగా ఎక్స్‌టెన్షన్ వేసుకోవాలి.

ఆ లైసెన్సుల గొడవ వద్దనుకున్న కంపెనీలు 2015లో అలయన్స్ ఫర్ ఓపెన్ మీడియాగా ఏర్పడి, 2018లో తెచ్చిందే ఏవీ1. వాడుకోవడానికి రాయల్టీ కట్టక్కర్లేదు. ఐఫోన్లలో దీనికి చిప్‌లోనే డీకోడర్ వచ్చింది 2023లో, 15 ప్రోతో. స్నాప్‌డ్రాగన్ వైపు 8 జెన్ 2 నుంచి ఉంది. ల్యాప్‌టాప్‌ల్లో ఇంటెల్ 11వ తరం నుంచి, మ్యాక్‌లలో ఎం3 నుంచి ఉంది.

కొత్తవి ఎందుకు తక్కువ సైజులో ఇస్తాయి? ఒక చిన్న ఉదాహరణ చెప్తాను. కోడెక్ ఒక్కో ఫ్రేమ్‌ని గళ్లుగా విడగొడుతుంది. హెచ్.264లో పెద్ద గడి 16×16 పిక్సెళ్లు. హెచ్‌ఈవీసీలో 64×64 దాకా, ఏవీ1లో 128×128 దాకా వెళ్లొచ్చు. పెళ్లి మండపం వెనక కదలకుండా ఉన్న తెల్లటి పరదా ఉందనుకోండి. హెచ్.264 దాన్ని వందల చిన్న గళ్లుగా ఒక్కొక్కటీ వర్ణిస్తుంది. ఏవీ1 "ఈ పెద్ద గడి మొత్తం పోయిన ఫ్రేమ్‌లో లాగే ఉంది" అని ఒక్క మాటలో తేల్చేస్తుంది. గడిని ఎలా ముక్కలు చేయాలి, పక్క ఫ్రేమ్ నుంచి ఎలా ఊహించాలి అన్నదానికి కూడా కొత్త కోడెక్‌లలో చాలా ఎక్కువ దారులు ఉంటాయి. ఆ దారులన్నీ వెతికి మంచిదాన్ని ఎంచుకోవాలి కాబట్టే ఎన్‌కోడింగ్‌కి ఎక్కువ టైమ్ పడుతుంది. సైజు తగ్గింపు ఊరికే రాదు, ప్రాసెసర్ టైమ్‌తో కొనుక్కుంటున్నాం.

టెస్ట్ ఎలా చేశాను

నా దగ్గర ఉన్నది నాలుగేళ్ల నాటి ఆరు కోర్ల ల్యాప్‌టాప్. వీడియో 2016లో తీసిన పెళ్లిది: 1080పీ, సెకనుకి 25 ఫ్రేములు, రెండు గంటలు, హెచ్.264లోనే దాదాపు 40 ఎంబీపీఎస్. లెక్క వేస్తే సెకనుకి 5 ఎంబీ, 7,200 సెకన్లకి 36 జీబీ.

మొత్తం వీడియో మీద ప్రయోగాలు చేస్తే రోజులు పడతాయి. అందుకని మూడు రకాల సీన్ల నుంచి తలా ఒక నిమిషం కోసుకున్నాను. ఒకటి తలంబ్రాలు. గాల్లో ఎగిరే వందల బియ్యపు గింజలు, పైన వీడియో లైట్లు, చుట్టూ కదిలే జనం. కోడెక్‌కి ఇంతకంటే కష్టమైన పరీక్ష ఇంట్లో దొరకదు. రెండోది రాత్రి ఊరేగింపు, చీకటి ఆకాశం, అక్కడక్కడా లైట్లు. మూడోది స్టేజి మీద ఫోటోలకి నిలబడ్డ చుట్టాలు, ట్రైపాడ్ మీద కదలని కెమెరా.

```
ffmpeg -ss 00:42:00 -t 60 -i pelli.mp4 -c copy talambralu.mp4
```

`-c copy` అంటే మళ్లీ ఎన్‌కోడ్ చేయకుండా ఉన్నది ఉన్నట్టు కోయడం. తర్వాత ఒక్కో ముక్కని మూడు రకాలుగా మార్చాను:

```
ffmpeg -i talambralu.mp4 -c:v libx264 -preset slow -crf 18 -c:a copy t_264.mp4
ffmpeg -i talambralu.mp4 -c:v libx265 -preset slow -crf 20 -tag:v hvc1 -c:a copy t_265.mp4
ffmpeg -i talambralu.mp4 -c:v libsvtav1 -preset 4 -crf 24 -pix_fmt yuv420p10le -c:a copy t_av1.mp4
```

ఇక్కడ అందరూ పడే గొయ్యి ఒకటుంది. `-crf` అనేది క్వాలిటీ అంకె, తక్కువైతే క్వాలిటీ ఎక్కువ. కానీ మూడింట్లో ఈ అంకె ఒకే కొలబద్ద కాదు. ఏమీ చెప్పకపోతే libx264 దాన్ని 23గా, libx265 28గా, libsvtav1 35గా తీసుకుంటాయి. మూడింటికీ 23 పెట్టి "చూడండి, దీని సైజు పెద్దది" అంటే అది పోలిక కాదు. మొదట కంటికి ఒకేలా కనిపించే అంకెలు వెతకాలి, ఆ తర్వాతే సైజు, టైమ్ పోల్చాలి. నేను ఒరిజినల్ పక్కన పెట్టి, పాజ్ చేసి, నానమ్మ ముఖం మీదా, చీకటి ఆకాశం మీదా జూమ్ చేసి చూస్తూ పైన ఉన్న అంకెల దగ్గర ఆగాను. మీ వీడియోకి కొంచెం అటూ ఇటూ మారొచ్చు.

`-tag:v hvc1` గురించి ఒక్క మాట. అది లేకపోతే హెచ్‌ఈవీసీ ఫైల్ ఐఫోన్, మ్యాక్‌లలోని సొంత ప్లేయర్‌లో తెరుచుకోదు. ఫైల్‌లో లోపం ఏమీ ఉండదు, పేరు చీటీ తేడా అంతే.

ఏం తేలింది

"కొత్త కోడెక్ అంటే సైజు సగం" అని మనం ఎప్పుడూ వింటాం. నా మూడు ముక్కల్లో అది ఒక్కో దగ్గర ఒక్కోలా వచ్చింది. స్టేజి మీద ఫోటోల సీన్‌లో హెచ్.264 నిమిషానికి 45 ఎంబీ, ఏవీ1 18 ఎంబీ. అంటే 60 శాతం తగ్గింది. రాత్రి ఊరేగింపులో 60 ఎంబీ, 30 ఎంబీ, సరిగ్గా సగం. తలంబ్రాల దగ్గర మాత్రం 150 ఎంబీ, 105 ఎంబీ. తగ్గింది 30 శాతమే. కారణం అర్థమయ్యే ఉంటుంది. కదలని చోట పెద్ద గళ్లు పనికొస్తాయి. ప్రతి గింజా ఒక్కో దారిలో ఎగురుతుంటే ఊహించడానికి ఏమీ మిగలదు, ఏ కోడెక్ అయినా గింజ గింజనీ రాసుకోవాల్సిందే.

మొత్తం రెండు గంటల వీడియోకి వచ్చిన ఫలితం ఇది. వీడియోలో 1,80,000 ఫ్రేములున్నాయని గుర్తుపెట్టుకోండి, టైమ్ లెక్క దాన్ని బట్టే.

- హెచ్.264: 9.9 జీబీ. సెకనుకి 60 ఫ్రేముల చొప్పున 50 నిమిషాలు.
- హెచ్‌ఈవీసీ: 6.3 జీబీ. సెకనుకి 12 ఫ్రేములు, 4 గంటల 10 నిమిషాలు.
- ఏవీ1: 5 జీబీ. సెకనుకి 18 ఫ్రేములు, దాదాపు 2 గంటల 47 నిమిషాలు.

ఏవీ1 అంటే ఎన్‌కోడింగ్‌కి వారాలు పడుతుందన్న మాట ఇంకా వింటుంటాం. అది మొదటి రోజుల సంగతి. ఎస్‌వీటీ ఎన్‌కోడర్ ప్రాసెసర్ కోర్లన్నిటినీ బాగా వాడుకుంటుంది. నేను వాడిన సెట్టింగ్స్‌లో అది హెచ్‌ఈవీసీ స్లో కంటే తొందరగానే పూర్తయింది. `-preset` అంకె పెంచితే ఇంకా వేగం, కానీ అదే క్వాలిటీకి సైజు కొంచెం పెరుగుతుంది.

ఇప్పుడు అసలు లెక్క

టేబుల్ చూసి "ఏవీ1 గెలిచింది" అనుకుని వెళ్లిపోకండి. నేను చేసిన తప్పు అదే. ఒకసారి డబ్బు లెక్క వేద్దాం. ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ టెరాబైట్‌కి ఐదు వేలు అనుకుందాం, అంటే జీబీకి ఐదు రూపాయలు. 36 జీబీని హెచ్.264లోనే 9.9 జీబీకి తెస్తే మిగిలేది 130 రూపాయల చోటు. అక్కడి నుంచి ఏవీ1కి వెళ్తే అదనంగా మిగిలేది 25 రూపాయల చోటు. చూశారా? తగ్గింపులో పెద్ద వాటా కొత్త కోడెక్ వల్ల రాలేదు. అవసరానికి మించి 40 ఎంబీపీఎస్ పెట్టిన ఫైల్‌ని సరైన క్వాలిటీకి తేవడం వల్ల వచ్చింది. ఆ పని పాత కోడెక్ కూడా చేస్తుంది.

మరి ఏవీ1 ఎప్పుడు లాభం? గంటలు ఎక్కువైనప్పుడు. మీ ఇంట్లో ఇలాంటి వీడియోలు 200 గంటలు ఉన్నాయనుకోండి. గంటకి దాదాపు 2.5 జీబీ తేడా కాబట్టి మొత్తం 500 జీబీ తగ్గుతుంది, రెండున్నర వేల రూపాయల చోటు. దానికోసం నా లాంటి ల్యాప్‌టాప్ దాదాపు 278 గంటలు తిరగాలి, అంటే పదకొండు రోజులకు పైగా పగలూ రాత్రీ. అదే హెచ్.264 అయితే 83 గంటల్లో అయిపోతుంది. మీ పరిస్థితికి ఈ లెక్క వేసుకుంటే జవాబు మీకే దొరుకుతుంది. ఒక్క పెళ్లి వీడియో కోసమైతే కుదించకుండా ఒరిజినల్‌నే దాచుకోవడం అన్నిటికన్నా చవక.

నా రెండో తప్పు, వెనక్కి తీసుకోలేనిది

టీవీలో బొమ్మ రాకపోవడం చిన్న విషయం, ఒరిజినల్ హైదరాబాద్ రూమ్‌లో ఉంది కాబట్టి సరిచేసుకున్నాను. రెండో తప్పు అలా కాదు.

ఫోన్లలో తీసిన వీడియోలు చాలా ఉన్నాయి కదా అని వాటిని తొందరగా అవ్వాలని గ్రాఫిక్స్ కార్డ్‌లోని ఎన్‌కోడర్‌తో మార్చాను. సెకనుకి వందల ఫ్రేములు పరిగెత్తాయి. ఒక్క రాత్రిలో అన్నీ అయిపోయాయి. అయిన వెంటనే ఒరిజినల్స్ డిలీట్ చేశాను. అందులో ఒక దీపావళి వీడియో ఉంది. కరెంట్ ఆపేసి, నానమ్మ ప్రమిదలు వెలిగిస్తున్న వీడియో. ఇప్పుడు దాంట్లో ఆమె వెనక గోడ మీద వెలుగు మెల్లగా చీకట్లో కలవాల్సిన చోట మెట్లు మెట్లుగా, మ్యాప్‌లో గీతల్లా పట్టీలు కనిపిస్తాయి. ఆమె చెంప మీద నీడ ఉన్న చోట ముఖం మైనంలా నున్నగా అయిపోయింది. నేను దాన్ని ఇక ఏ కోడెక్‌తోనూ తిరిగి తేలేను.

గ్రాఫిక్స్ కార్డ్ ఎన్‌కోడర్ చెడ్డదని కాదు. అది లైవ్ స్ట్రీమింగ్, గేమ్ రికార్డింగ్ లాంటి వాటి కోసం వేగాన్ని ముందు పెట్టి చేసింది. పైన చెప్పుకున్న దారులన్నీ వెతికే టైమ్ దానికి లేదు. అందుకే అదే సైజులో, నెమ్మదిగా పనిచేసే సాఫ్ట్‌వేర్ ఎన్‌కోడర్ ఇచ్చే క్వాలిటీ అది ఇవ్వలేదు. చూసి పడేసే వీడియోకి ఫర్లేదు. యాభై ఏళ్లు దాచుకునే దానికి రాత్రంతా ల్యాప్‌టాప్ తిరిగినా నష్టం లేదు.

ఇంకో కారణం కూడా ఉంది. ఫోన్ వీడియో అంటే అప్పటికే ఒకసారి కుదించిన వీడియో. ఫోన్ చిప్ సెకను సెకనుకీ తొందరగా ఎన్‌కోడ్ చేస్తూ కొన్ని మచ్చలు వదిలేస్తుంది. మనం మళ్లీ ఎన్‌కోడ్ చేస్తే కొత్త కోడెక్ ఆ మచ్చల్ని కూడా అసలు బొమ్మే అనుకుని దాచడానికి కష్టపడుతుంది, పైగా తన మచ్చలు కలుపుతుంది. వాట్సాప్‌లో వచ్చిన వీడియోలైతే మరీ. వాటిని క్వాలిటీ పోకుండా మార్చాలని తక్కువ `-crf` పెడితే కొత్త ఫైల్ పాతదానికంటే పెద్దగా వస్తుంది. అలా వచ్చిందంటే ఆ ఫైల్‌ని ముట్టుకోవద్దని అర్థం.

చీకటి సీన్లలో పట్టీలు తగ్గించడానికే పైన ఏవీ1కి 10 బిట్ పెట్టాను. 8 బిట్ ఒరిజినల్ అయినా లోపల లెక్కలు 10 బిట్‌లో జరిగితే మెల్లగా మారే రంగులు బాగా నిలుస్తాయి. ఏవీ1 మెయిన్ ప్రొఫైల్‌లోనే 10 బిట్ ఉంటుంది కాబట్టి ఏవీ1 చిప్ ఉన్న పరికరంలో దీనికి అదనపు ఇబ్బంది లేదు. హెచ్.264కి మాత్రం 10 బిట్ పెట్టకండి. దాన్ని టీవీలు, ఫోన్ చిప్‌లు ప్లే చేయవు. అన్నిట్లో ప్లే అవ్వాలని హెచ్.264 ఎంచుకుని, 10 బిట్ పెడితే ఆ ఉద్దేశమే పోతుంది. ఒరిజినల్ 10 బిట్ అయితే హెచ్.264 కమాండ్‌లో `-pix_fmt yuv420p` కలపండి.

"ప్లే అవుతుంది" అంటే రెండు రకాలు

వీఎల్‌సీ వేసుకుంటే ఏదైనా ప్లే అవుతుంది కదా అంటారు. నిజమే, వీఎల్‌సీ వెనక ఉన్న వాళ్లే చేసిన డేవిడ్ అనే డీకోడర్ ఏవీ1ని సాఫ్ట్‌వేర్‌తోనే చాలా వేగంగా విప్పుతుంది. నా ల్యాప్‌టాప్‌లో 1080పీ హాయిగా నడిచింది. కానీ ఇలా సాఫ్ట్‌వేర్‌తో ప్లే అవడం వేరు, చిప్‌లో ఉన్న డీకోడర్‌తో ప్లే అవడం వేరు. ఫోన్‌లో సాఫ్ట్‌వేర్ డీకోడింగ్ అంటే బ్యాటరీ తొందరగా దిగుతుంది, ఫోన్ వేడెక్కుతుంది, 4కే అయితే ఆగి ఆగి వస్తుంది. టీవీకి అయితే ఆ దారే లేదు. యూఎస్‌బీ నుంచి ప్లే చేసే టీవీ సొంత ప్లేయర్ చిప్‌లో ఉన్నదాని మీదే ఆధారపడుతుంది, చిప్‌కి రాకపోతే నల్ల స్క్రీనే.

అందుకే మొత్తం ఎన్‌కోడ్ చేసే ముందు ఆ ఒక్క నిమిషం ముక్కల్ని పెన్ డ్రైవ్‌లో వేసి, మీ ఇంట్లో అన్నిటికన్నా పాత పరికరంలో పెట్టి చూడండి. మా ఇంట్లో అది హాల్లో ఉన్న టీవీ. హెచ్.264 వచ్చింది, హెచ్‌ఈవీసీ వచ్చింది, ఏవీ1 రాలేదు. పెదనాన్న వాళ్ల పాత ఫుల్ హెచ్‌డీ టీవీలో హెచ్.264 ఒక్కటే వచ్చింది. పది నిమిషాల పని, నాకు సంవత్సరీకం రోజు జరిగినది జరగకుండా ఉండేది. పెన్ డ్రైవ్ ఎఫ్‌ఏటీ32 ఫార్మాట్‌లో ఉంటే 4 జీబీ దాటిన ఫైల్ అసలు కాపీ అవ్వదని కూడా గుర్తుంచుకోండి. మీ టీవీ చదివితే ఎక్స్‌ఫ్యాట్‌కి మార్చుకోండి.

చివరికి నేను ఏం చేశాను

దాచుకోవడం వేరు, చూసుకోవడం వేరు అని విడగొట్టాను. పెళ్లి వీడియో ఒరిజినల్ 36 జీబీ అలాగే రెండు డిస్కుల్లో ఉంది, ఒకటి ఖమ్మంలో ఇంట్లో, ఒకటి నా రూమ్‌లో. చూడటానికి 9.9 జీబీ హెచ్.264 కాపీ పెన్ డ్రైవ్‌లలో వేసి అక్కకి, పెదనాన్నకి ఇచ్చాను. రేపు ఎవరి దగ్గర ఏ టీవీ ఉన్నా అది వస్తుంది. ఫోన్ వీడియోల్లో మిగిలినవి, అవి హెచ్.264 అయినా హెచ్‌ఈవీసీ అయినా, మార్చకుండా తీసినవి తీసినట్టే ఉంచాను.

ఏవీ1ని వదిలేయలేదు. నా కాలేజీ రోజుల స్క్రీన్ రికార్డింగ్‌లు, గంటల కొద్దీ ఉన్న ఫంక్షన్ రా ఫుటేజ్ లాంటివి ఏవీ1లో పెట్టాను. అవి చూసేది నేనొక్కడినే, నా ల్యాప్‌టాప్‌లోనే, చోటు చాలా మిగులుతుంది. హెచ్‌ఈవీసీకి నా దగ్గర పెద్దగా పని పడలేదు. మీ ఇంట్లో అన్నీ 4కే టీవీలు, ఐఫోన్లు అయితే అది మంచి మధ్య దారి.

ఏది చేసినా, ఒరిజినల్ డిలీట్ చేసే ముందు ఈ ఒక్క కమాండ్ నడపండి:

```
ffmpeg -v error -i pelli_av1.mp4 -f null -
```

ఇది ఫైల్‌ని మొదటి నుంచి చివరిదాకా విప్పి చూస్తుంది. ఏమీ ప్రింట్ కాకపోతే లోపల విరిగిన చోట్లు లేవు. తర్వాత రెండు ఫైళ్ల నిడివి ఒకటేనా చూడండి, మధ్యలో ఎన్‌కోడింగ్ ఆగిపోతే ఫైల్ పొట్టిగా ఉంటుంది. ఆ పైన చీకటి సీన్ ఒకటి, ముఖాలు దగ్గరగా ఉన్న సీన్ ఒకటి పెద్ద స్క్రీన్ మీద కళ్లతో చూడండి. గోడ మీద పట్టీలున్నాయా, చర్మం మైనంలా ఉందా అన్నది కమాండ్ చెప్పదు. కొత్త ఫైల్‌కి ఈ రోజు తేదీ పడుతుంది కాబట్టి, గ్యాలరీలో వరుస తప్పకుండా ఫైల్ పేరు మొదట్లోనే అసలు తేదీ రాసుకోవడం కూడా మంచిది. ఇన్నీ సరిపోయినా, కనీసం నెల రోజులు ఒరిజినల్ ఉంచండి.

మొన్న పండక్కి ఇంటికెళ్లినప్పుడు అమ్మ తనంతట తానే పెన్ డ్రైవ్ పెట్టుకుని తలంబ్రాల సీన్ దగ్గర ఆపి చూస్తోంది. బొమ్మ వచ్చింది. దీపావళి వీడియో మాత్రం నేనింకా ఆమెకి చూపించలేదు.

మీ ఇంట్లో ఏ టీవీలో ఏ కోడెక్ ప్లే అయిందో, మీ ల్యాప్‌టాప్‌లో ఎన్ని ఫ్రేముల వేగం వచ్చిందో కామెంట్‌లో చెప్పండి. ఒక నిమిషం ముక్కతో టెస్ట్ చేసిన అంకెలే చెప్పండి, స్పెసిఫికేషన్ షీట్‌లో ఉన్నవి కాదు.